గడువు లేని బ్రేక్

నాలుగేళ్లుగా ప్రేమిస్తున్నవాడు టైలరింగ్ షాపు గుమ్మంలో నిలబడినా, ఆమె మిషను ఆపలేదు.

“కొన్నాళ్లు బ్రేక్ తీసుకుందాం. రోజూ అదే గొడవ, విసుగొస్తోంది,” అన్నాడతను.

“సరే. ఎన్నాళ్లు?”

“ఇప్పుడే ఎలా చెప్తాను?”

“ఫోన్లు చేసుకుంటామా? ఈలోగా ఇంకొకరితో తిరగొచ్చా?”

“నీకన్నీ కొలతలే కావాలి!”

“కొలతల్లేకుండా గుడ్డ మీద కత్తెర వెయ్యను. పోనీ, ఈలోగా నీలో ఏం మార్చుకుంటావు?”

“మారాల్సింది నువ్వు.”

ఆమె మిషను ఆపింది.

“అంటే నేను చేతులు ముడుచుకుని ఎదురుచూడాలి, నువ్వు ఊరి మీద తిరగాలి. విడిపోదామనడానికి నీకు నోరు రావట్లేదు. నేనే అంటున్నా, విడిపోదాం. నా ఇంటి తాళంచెవి ఇలా పెట్టు.”

“అది ఉండనీ... ఒకవేళ...”

“ఆ ‘ఒకవేళ’ కోసమేగా బ్రేక్ అన్నావు! పెట్టు.”