కవిగారి వేళ్ల నొప్పి

చరిత్రకారుణ్ణి కదా అని, ఎప్పుడో పోయిన కవిగారి ఉత్తరాల నకళ్లు బల్లంతా పరిచి, డాక్టరైన అక్క చేత శభాష్ అనిపించుకుందామని కూర్చున్నాను.

“కీళ్లవాతమే అక్కా. ‘వేళ్లు వంగడం లేదు, కలం పట్టలేను’ అని ఎన్నిసార్లు రాశాడో.”

“ఎవరికి?”

“పుస్తకం ఏమైందని అడిగిన ప్రచురణకర్తకి.”

“అదే వారం వాళ్ల అక్కకి రాసిన ఈ ఉత్తరంలో?”

“తోటలో పాదులు తవ్వుతున్నానని.”

“కలం పట్టలేనన్న ఉత్తరాల్లో చేతిరాత?”

“ఆయనదే. ముత్యాల్లా ఉంది.”

“మరి?”

“సరే, రోగం అబద్ధమని రాస్తాను.”

“అదీ తెలీదురా. నొప్పి వచ్చిపోయేదేమో, అక్క కంగారుపడుతుందని దాచాడేమో. చూడని రోగికి నేనే రోగం పేరు పెట్టను.”

“అధ్యాయం పేరే ‘వాతంతో పోరాటం’. ఇప్పుడేం రాయను?”

“నొప్పని ప్రచురణకర్తకి రాశాడు, అక్కకి రాయలేదు. అంతవరకే రాయి.”

ఫోన్ మోగింది.

“నా ప్రచురణకర్తే. నడుం పట్టేసిందని చెప్పి ఉన్నాను. డాక్టరువి, నువ్వు మాట్లాడితే నమ్ముతాడు.”

అక్క ఫోన్ తీసింది.

“నడుం నొప్పా? మీకు చెప్పాడేమోనండీ. నాకు చెప్పలేదు.”