సత్యదేవ్ సార్ షేర్వానీ

కార్ఖానా చౌరస్తా దగ్గరి చాయ్ హోటల్‌ల సాయంత్రం అయిదింటికి దర్జీ పర్వతాలు కుర్చీ గుంజుకొని కూసున్నడంటే ఇగ లేచేది ఏడింటికే. ఆ రోజు ఎదురుంగ బ్యాంకు వేణుమాధవ్, కొత్తగ పక్క గల్లీల దిగిన ఉదయ్‌కిరణ్ ఉన్నరు. గోడ పక్క బెంచీ మీద పర్వతాలు దుకాణంల ముప్పై ఏండ్లుగా అంచులు మడిచి తుర్పాయి కుట్టే లూకా ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంట కూసున్నడు.

"నువ్వు షర్టుకు కొలతలియ్యనీకి వస్తనంటున్నవ్ గని ఉదయ్ బాబూ, ఎందుకు పరేషాన్? నిన్ను చూసినప్పుడే రాసుకున్న. అయిదడుగుల తొమ్మిదిన్నర. ఔనా, కాదా?"

"తొమ్మిదేనండీ."

"చెప్పులు లెక్కవెట్టలే నువ్వు. ఇను. నలభై ఏండ్లాయె టేపు నా మెడల ఉండవట్టి, అది దండ లెక్క అంతే, కొలిచేది కన్నే. సత్యదేవ్ సార్ షేర్వానీ సుత టేపు పెట్టకుండనే కుట్టిన."

"సత్యదేవ్ ఎవరండీ?" అన్నడు ఉదయ్‌కిరణ్.

"ఫ్యాక్టరీ యూనియన్ ప్రెసిడెంట్ బాబూ. ఇరవై ఆరు మందిని పనిలకెళ్లి తీసేస్తే గేటు ముందల పదకొండు రోజులు కూసొని అందర్నీ మళ్ల లోపటికి తోలిచ్చిండు. అండ్ల మా తమ్ముడొకడు. గసొంటి పెద్దమనిషికి ఏ.ఎస్. రావు నగర్ ఫంక్షన్ హాల్ల సన్మానం పెట్టిన్రు, షేర్వానీ నన్ను కుట్టమన్నరు. జెర ఆగు, షేర్వానీ ముచ్చటకు ముందు ఇంకోటి చెప్పాలె, లేకుంటే నా కన్ను విలువ నీకు తెల్వదు. మనుషుల కండ్లు ఎట్ల మోసపోతయో నేను పరీక్ష చేసి చూసిన."

"పరీక్షనా?" అన్నడు వేణుమాధవ్.

"ఆఁ, పరీక్షనే. మా బావమరిది బిక్షం లేడా, చిలకలగూడ? కొలిస్తే అయిదడుగుల ఆరంగుళాలు, వెంట్రుక ఎక్కువ లేదు, తక్కువ లేదు. వాన్ని మూడు తావుల తిప్పిన. అవే బట్టలు, అవే చెప్పులు, నిలవడేది గంతే దూరంల. ఒక దగ్గర 'మా దుకాణంల గుండీలు కుట్టెటోడు' అన్న. ఇంకో దగ్గర 'సూపర్‌వైజర్ సాబ్' అన్న. మూడో దగ్గర 'ఢిల్లీ నుంచొచ్చిన డైరెక్టర్ గారు' అన్న. వాడు పోయినంక ఒక్కో తావుల ఇరవై మందికి చిట్టీలిచ్చి, ఆయన ఎత్తెంతో రాయమన్న. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పన్నా."

"ఒక్కడు రాసింది లెక్క గాదు, ఎవని కన్ను వానిది. ఇరవై చిట్టీలు కలిపి సగటు తీసిన. గుండీలోడు అయిదు అయిదున్నర. సూపర్‌వైజర్ అయిదు ఆరున్నర. డైరెక్టర్ గారు అయిదు ఎనిమిది! మనిషి ఒక్కడే, పేరు ముందటి మాట మారంగనే రెండున్నర అంగుళాలు పెరిగిండు."

ఉదయ్‌కిరణ్ నవ్విండు. "అంటే గౌరవంతో కావాలని ఎక్కువ రాశారా?"

"గదే కాదంటున్న! కావాలని ఒక్కడూ రాయలే. ఒట్టేసి చెప్తరు గంతే ఉండెనని. కంట్లె టేపు లేదు బాబూ. మనిషి పోయినంక ఎంత ఎత్తు అని అడిగితే మనసు దేన్ని చూసి చెప్తది? ఎంత పెద్దోడో గది యాదికొస్తది, దాన్నే ఎత్తు అనుకుంటది. మన మాటలు సుత గట్లనే ఉన్నయ్ గదా, పెద్దోడు అంటం, ఎత్తుకు ఎదిగిండు అంటం, గౌరవం పోతే చిన్నబోయిండు అంటం. ఇంకో తమాషా ఇను. అదే బిక్షాన్ని డైరెక్టర్ అనే చెప్పి తలుపు చౌకట్ పక్కన నిలవెట్టిన. తలుపు ఎంతుంటదో అందరికి ఎరుకే గదా, అప్పుడు తప్పు సగానికి తగ్గింది. పోల్చుకోనీకి ఏం లేనప్పుడే పదవి పని చేస్తది."

"ఇది మాత్రం నిజమే అనిపిస్తుంది," అన్నడు వేణుమాధవ్. "మా పాత మేనేజర్ రిటైరైనంక బజార్ల కనవడితే, ఈయన గింత పొట్టిగుండెనా అనుకున్న."

"చూసినవా! కుర్చీ పోయింది, అంగుళాలు పోయినయ్. గందరి కండ్లు గట్ల మోసపోతయ్, నా కన్ను మోసపోదు. ఇగ షేర్వానీకొద్దాం. సత్యదేవ్ సార్ మీటింగ్‌కు పోయిన, కింద నిలవడి చూసిన, రాసుకున్న: ఆరు రెండు. ఆయన గొంతు లేస్తే స్టేజీ కింద మట్టి లేస్తుండె. యూనియన్ ఎలక్షన్ గెలిచిన దినం ఆరు ఆరు అయిండు, నేను మళ్ల కొలతలు మార్చిన."

"గెలిస్తే నిజంగానే పెరిగాడా?"

"పెరగడా మరి! సన్మానం రోజు స్వాగత ద్వారం నెత్తికి తల్గుతదని పీకి రెండు గజాలు మీదికి కట్టిన్రు. కరెంటోళ్లు వచ్చి తీగెలు లేపిన్రు. హాల్ల ఫ్యాన్లు ఇప్పేసిన్రు. పావురాలు వచ్చి ఆయన భుజం మీద వాలినయ్, మసీదు మినార్ అనుకొని. సికింద్రాబాద్ స్టేషన్ల ప్లాట్‌ఫారం మీద చెయ్యి లేపి మాకు నమస్తే పెడితే, సిగ్నల్ పడ్డదనుకొని గూడ్స్ బండి ఆగిపోయింది! నలభై నిమిషాలు కదల్లే. గసొంటి మనిషికి టేపు లేకుండ కుట్టిన, ఒక్క దారం అటు ఇటు గాలే."

ఉదయ్‌కిరణ్ పగలబడి నవ్వుతుంటే గోడ పక్క బెంచీ మీద లూకా గ్లాసు కింద పెట్టిండు.

"ఆయన అయిదు అయిదు," అన్నడు.

పర్వతాలు తిరిగి చూసిండు. "ఎవరు?"

"సత్యదేవ్ సార్. సన్మానం పొద్దుగాల నేను కొలిచిన గదన్నా, నువ్వే కొలవమన్నవ్." లూకా ఉదయ్‌కిరణ్ దిక్కు తిరిగిండు. "టేపు పెట్టలేదన్నది నిజమే సార్. తమ్మునికి నౌకరీ తెచ్చిన మనిషి, ఆయనను తాకి కొలవనీకి ఈయనకు చేతులాడలే. మీటింగ్‌కు పోయి చూసొచ్చిండు. స్టేజీ నాలుగడుగులు, ఈయన కింద, ఆయన మీద. చుట్టూ ఉన్నోళ్లు కూసున్నరు, ఆయనొక్కడే నిలవడ్డడు. పోల్చుకోనీకి ఏమున్నది? వచ్చి ఆరు రెండుకు కత్తిరిచ్చిండు."

"తొడిగాక ఏమైందండీ?"

"షేర్వానీ మోకాళ్ల కింద ఆగాల్సింది, పిక్కల దాక దిగింది. చేతులల్ల వేళ్లు కనవడలే. పైజామా నేల ఊడుస్తుండె. గంటన్నరల సన్మానం ఊరేగింపు. సార్ అద్దంల అటు ఇటు చూసుకొని, ఎవరి కొలతలు ఇవి పర్వతాలూ అన్నడు. ఈయన, మీవే సార్ అన్నడు. సార్ షేర్వానీ అంచు చేత్తోని లేపి చూసుకున్నడు. గింత పెద్దగ కనవడ్డనా నీకు, అన్నడు."

వేణుమాధవ్ మెల్లగ అడిగిండు, "మరి ఊరేగింపు?"

"నేను ఇంతింత మడిచి తుర్పాయి వేసిన. సార్ కదలకుండ స్టూల్ మీద నిలవడ్డడు. టయిముకు పోయిండు. ఫొటోలు కింద నిలవడి తీసిన్రు గదా, వాటిల్ల ఇప్పటికి ఆరడుగులోని లెక్కనే ఉంటడు." లూకా ఆగిండు. "బిక్షాన్ని మూడు తావుల తిప్పింది సుత దాని తర్వాతనే, ముందల గాదు. నా ఒక్కనికే గిట్లయిందా, అందరికీ అయితదా అని నెల రోజులు నిద్ర పోలే ఈయన. చిట్టీలు లెక్కవెట్టినంక నిమ్మళమైండు."

ఉదయ్‌కిరణ్ పర్వతాలు దిక్కు చూసిండు. పర్వతాలు చాయ్‌ల మీగడను చెంచాతోని పక్కకు నెట్టుకుంట కూసున్నడు.

"షేర్వానీ ఎంత మడిచినవ్ రా లూకా?" అన్నడు ఆఖరికి.

"ఆరంగుళాలు."

"అయిదున్నరే," అన్నడు పర్వతాలు.