మైకుల చదివిన చేబదులు

హలో… హలో… ఆ, నేనే. సిరిసిల్ల నుంచి… మొగిలిని రా, ఇంకెవలు?

ఏం రాజేశం, కొత్తింట్ల నిద్ర పట్టిందా?

…పట్టలేదా? అయ్యో. ఎందుకట్ల?

…

తిట్టు. మంచిగ తిట్టు. నీ తిట్లు ఇనాలెననే ఎస్టీడీ బూతుకచ్చిన. మీటరు తిరిగేది నాకే గదా, నీకేం పోతది.

…ఆగయ్యనేం అనకు. మైకు సెట్టు వానిది, మాట నాది. మొన్న ఫోన్ జేసి నేనే చెప్పిన. గృహప్రవేశంల కట్నాలు చదివేటప్పుడు నా పేరు గూడ చదువు తమ్మీ అని.

ఏమని చదివిండు? నీ నోటితోని చెప్పు, ఇంట.

…

చెప్పవా? సరే, నేనే చెప్త. "సిరిసిల్ల మొగిలి, తన పానమసొంటి దోస్తు రాజేశానికి పోయినేడు ఇచ్చిన చేబదులు ఐదు వందలు, కొత్తింటి కట్నం కింద చదివిస్తున్నడు." గట్లనేనా?

…రెండుసార్లా! నేను ఒక్కసారే చదువుమన్న రా. రెండోది ఆగయ్య కొసరు.

…నీ అత్తగారోళ్ల ముంగటనా? బీడీ కార్ఖాన సేటు గూడ ఉండెనా? ఆయనేమన్నడు?

…నవ్విండా! అబ్బ… కడుపు సల్లగైంది రాజేశం. ఒట్టు, కడుపు సల్లగైంది.

…

ఇజ్జత్ పోయిందా? ఒక్కనాడు పోతెనే గింత లొల్లి జేస్తున్నవ్. నాకు ఏడాది సంది ఇంట్ల పోతలేదా? మా ఇంటికచ్చి, మీ వదినె సారక్క చేతి కోడికూర తిని, చెయ్యి కడగకముందే ఏమన్నవ్? "టేకు గడప తయారైంది, పైసలియ్యంది చెక్కిన వడ్లాయన ఇస్తలేడు, పదిహేను రోజులల్ల తెచ్చిస్త." అన్నవా లేదా?

…అన్నవ్ గదా. మరి ఆ పదిహేను రోజులు ఇంకా అయిపోలేదా?

…

ఉట్టిగనే యాదిమర్చిండట! పోయినేడు మా ఇంట్ల ఎన్ని ముక్కలు తిన్నవో యాదికున్నది గని, ఐదు వందలు యాదికి లేవా?

…బందులా? మాకు తెల్వదా బందుల సంగతి. అన్నలు బంద్ అన్ననాడు బస్సులు నడవయి, నిజమే. కని ఏడాదంతా బందే ఉండెనా రా? నువ్వు బాకీ ఇయ్యాలనుకున్ననాడే పిలుపిస్తున్నరా వాళ్లు? నిన్నడిగే పెడుతున్నరా?

…

ష్! ఏం మాటలురా అవి ఫోన్ల! అన్నలకు చెప్పి వసూల్ చేయించుకోకపోయినవా అంటవా? ఇటు వీళ్లు, అటు పోలీసోళ్లు. ఐదు వందల కోసం ఇద్దరం పోతం. నీతోని నేనే తేల్చుకుంట. నాకెవలూ అక్కెర లేదు.

…ఆ, నవ్వు. జగిత్యాల బస్టాండుల నన్ను చూసినప్పుడు గిట్ల నవ్వినవా? చక్కున మలిగి వెల్గటూర్ బస్సెక్కినవ్. కోరుట్లకు పోయేటోనికి వెల్గటూర్ల ఏం పని రా?

…

టికెట్ గూడ తీసినవా! ఆఖరి దాకా పోయినవా! ఆ కిరాయి పైసలన్న నా చేతుల పెట్టకపోయినవ్.

…లేదు రాజేశం. నవ్వుతనే ఉన్న గని, కోపం గూడ ఉన్నది. ఆ ఐదు వందలు నాయి కావు. నీకు తెల్వది. సారక్క కాళ్ల పట్టగొలుసులు కుదువ వెట్టి తెచ్చిన.

…

ముందే ఎందుకు చెప్పలేదంటవా?

…ఎందుకు చెప్తమ్? ఆమెనే చెప్పొద్దన్నది. దోస్తు ఇల్లు కట్టుకుంటున్నడు, చిన్నవోతడు అన్నది. బతుకమ్మ ఆడింది చూసినవా, బోడి కాళ్లతోని. ఆడోళ్లందరి కాళ్లు మోగుతుంటె ఈమెయి మోగుతలెవ్వు. నేను బట్ట నేసే సాంచెకాడ పోగులు అతుకుకుంట గదే సోంచాయించిన. వీని మీద కసి తీర్చుకోవాలె. కని దోస్తానా పోవద్దు. అడిగితె పోతది, అడగకపోతె పైసలు పోతయి. ఎట్ల?

గప్పుడు తట్టింది, కట్నం సంగతి.

…

నీకింకా సమజ్ కాలేదా? చేబదులు దేనికి మర్శిపోతరు? ఇచ్చిందెవలూ చూడరు గన్క. కట్నం గట్ల కాదు. నలుగురి ముంగట మైకుల చదివితిమి. పెట్టిన కట్నానికి ఎదురు కట్నం పెట్టాలె. పెట్టకపోతె మీ అమ్మ సత్యవ్వ ఊకుంటదా? ఆమెకు చదువు రాకున్నా, ఎవలు ఎన్నడు ఏం పెట్టిండ్రో నోటికి లెక్క.

…రాత్రి నుంచి ఆమె నీతోని మాట్లాడుతలేదా? ఎట్ల మాట్లాడుతది!

ఇగ ఇను. వచ్చే ఐతారం మా బిడ్డకు చెవులు కుట్టిస్తున్న. అందర్ని పిలుస్తున్న. నువ్వు రావాలె, నా చెల్లెను, అదే నీ పెండ్లాన్ని, తీస్కొని రావాలె, మీ అమ్మను తీస్కొని రావాలె.

…ఆ! ఇప్పుడు సమజైంది. కట్నం పెట్టక తప్పదు బిడ్డా. మైకు గూడ మాట్లాడిన. ఆగయ్యనే అస్తున్నడు.

…

లేదు లేదు, ముందుగాల మనియార్డర్ జేస్త అంటె ఒప్పుకోను. పైసలు చేతుల పెడితె మజా ఏమున్నది? చదివించాలె. "కోరుట్ల రాజేశం, ఐదు వందలు" అని సిరిసిల్ల ఇనాలె. సారక్క ఇనాలె. అదేనాడు పోయి గొలుసులు ఇడిపించుకొస్త. నెలాఖరు దాటితె కరిగిస్తనన్నడు కుదువ సేటు.

…అస్తవా? మాటియ్యి. గడప మీద ఒట్టెయ్యి. ఆ గడప నాదే రా, దాటినప్పుడల్లా నన్ను తల్సుకో.

…ఎవలు? అమ్మనా? ఇయ్యి, ఇయ్యి ఫోన్.

పెద్దవ్వా, శనార్తి… మంచిగున్న. నువ్వు?

…వాన్ని కొట్టకు పెద్దవ్వా, ఇల్లుగలోడయిండు. నేనే జర పరాచికం జేసిన.

…అస్తరా? చాలు, గదే పదివేలు… ఏంది? ఎంతా?

…

ఆరు వందలు ఎందుకు? నేను పెట్టింది ఐదు వందలే గదా.

…అది నాకు తెల్వదా? ఎదురు కట్నం పెట్టేటప్పుడు పైన ఏసి పెట్టాలె, ఖరారే. కని ఇది బాకీ పెద్దవ్వా, పైన ఏసుడు ఎందుకు—

…కట్నమన్నది నేనేనా? మైకుల చదివించింది నేనేనా?… ఔను. నేనే.

…అంటె పైన ఏసిన ఆ వంద నా మీద ఉంటది. మీ ఇంట్ల కార్యమైతె నేను దానికి పైన ఇంకింత ఏసి పెట్టాలె… మీ ఇంట్ల ఇప్పట్ల ఏం కార్యమున్నది పెద్దవ్వా, ఇల్లు గూడ అయిపాయె.

…

చెల్లెకు మూడో నెలనా!

…సంతోషం, మస్తు సంతోషం పెద్దవ్వా… పురుడుకు రమ్మంటవా. అస్త. అస్త, ఎట్ల రాను.

…ఫోన్ వానికిచ్చినవా? ఏందిరా రాజేశం, గట్ల నవ్వుతున్నవ్? ఏడాది సంది పన్నిన ఉచ్చు నాది. అండ్ల నన్నే పడేసిండ్రు గదరా తల్లీకొడుకులు!

…నవ్వుకో. ఐతారం పొద్దుగాల బస్సుకే రా. వెల్గటూర్ బస్సు కాదు, సిరిసిల్ల బస్సు.

ఒక్క నిమిషం, లైన్ల ఉండు… రాజన్నా, బిల్లెంతైంది?… ముప్పై రెండా! గంత ఎట్లయితది?… ఔనే, మాట్లాడినం తియ్యి. జేబుల ఇరవయ్యే ఉన్నయి. కడమ పన్నెండు… రేపిస్తనే రాజన్నా, ఎటు పోత నేను?

…

రాజేశం, నువ్వు ఇన్నవా?

…ఇనలే గదా. ఇనలే, అంతే. ఫోన్ పెట్టెయ్యి. పెట్టెయ్యిరా, నవ్వింది చాలు… నేనే పెడుతున్న.