అరవైకీ ఆరుకీ మధ్య

అధ్యక్షులవారికీ, ఈ చానల్‌ను నిలబెట్టిన పెద్దలకీ, నా ఎత్తుకు మైకు దించలేక అవస్థపడిన మిత్రుడికీ నమస్కారం.

ఈరోజు పదవీ విరమణ చేస్తున్న దర్శకురాలు నా కోడలు. ఆమెకు ముందు ఇదే చానల్లో ఆ కుర్చీ నాది. ఇందాక వ్యాఖ్యాతగారు జ్ఞాపిక మీది మాటలు చదివారు: “అత్యధికులు చూసిన ధారావాహిక భాగాల్లో, అత్తగారి తర్వాత రెండో స్థానం.” అందరూ చప్పట్లు కొట్టారు. కోడలూ నవ్వుతూ కొట్టింది. ఆ నవ్వు నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు, నలుగురి ముందూ పెట్టుకునే నవ్వు. అందుకే రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెడుతున్నాను.

నా భాగానికి రేటింగు అరవై, తనదానికి ఆరు. నిజమే. కానీ ఎందులో అరవై? టీవీ ఉన్న ప్రతి వంద ఇళ్లలో. అప్పుడు టీవీ ఉన్నవి ఇరవై లక్షల ఇళ్లు, అంటే చూసినవి పన్నెండు లక్షలు. ఇప్పుడు మూడు కోట్ల ఇళ్లు. ఆరు శాతమంటే పద్దెనిమిది లక్షలు.

(“అయితే కోడలే గెలిచింది!” అని సభలోంచి కేక.)

కూర్చో నాయనా, అంత తొందరెందుకు? (నవ్వులు) మా రోజుల్లో ఒక్క టీవీ ముందు వీధి వీధంతా చేరేది, లెక్కలో మాత్రం అది ఒక్క ఇల్లే. పైగా ఎంపిక చేసిన కొన్ని వందల ఇళ్లవాళ్లు వారం చివర గుర్తున్నంత మేరకు కాగితం నింపేవారు. కునుకు తీసినవాళ్లూ చూశామనే రాసేవారు. ఉన్నది ఒక్కటే చానల్, అది వద్దనుకుంటే గోడ చూడాలి. ఇప్పుడు చానళ్లు వందలు. ఎంపిక చేసిన ఇళ్లలో టీవీకి తగిలించిన మీటరు, చానల్ ఎప్పుడు మార్చారో నిమిషంతో సహా పట్టేస్తుంది, భాగం మొత్తానికి సగటు తీస్తారు. మర్నాడు ఫోనులో చూసినవాళ్లు ఆ ఆరులో లేరు. పోనీ కలుపుదామంటే, అక్కడ కాసేపు తెరిచి మూసినా ఒక వీక్షణమే. మూరల్నీ శేర్లనీ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువంటే ఏం చెప్పను?

“అత్తయ్యా, ఇక వదిలేయండి” అంటోంది కోడలు. “అమ్మా, నీకిచ్చింది ఐదు నిమిషాలే” అంటున్నాడు మా అబ్బాయి. ఇంట్లో ఎలాగూ నా మాట వినవు, ఇక్కడైనా విను. (నవ్వులు)

అధ్యక్షా, పోల్చాలంటే ఒకే ఏడాది, ఒకే మీటరు ఉండాలి. ఆమె భాగం వచ్చిన ఏడాది మీటరు లెక్కల్లో దాన్ని మించింది లేదు. జ్ఞాపిక మీద అదే రాయించండి. అత్తగారిని చెరిపేయండి.

(“అలాగేనమ్మా” అన్నారు అధ్యక్షులు. చప్పట్లు.)

ఇది లెక్క. ఇక లెక్కకు రాని మాట ఒకటి. మొన్న నా అరవై మళ్లీ పెట్టుకుని చూశాను. సగంలో లేచివెళ్లి బట్టలు మడతపెట్టుకున్నాను. తర్వాత కోడలిది పెట్టాను. పొయ్యి మీద పాలు పొంగి, ఇగిరి, గిన్నె మాడిపోయింది. నా చేతిలో గిన్నె మాడడం ఎప్పుడైనా చూశావా, అమ్మాయ్?

విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇక నాకు సెలవిప్పించండి.