సన్యాసమ్మ దగ్గర సెలవు

ఊరవతల గిలకబావి వైపు ఎవరూ ఎందుకు పోరో తెలుసా మీకు? నీళ్ళు ఉప్పనంటారు మీ నాన్నలు. ఉప్పూ లేదు పప్పూ లేదు, నన్నడగండి, చెబుతాను. ఒరే అప్పలకొండా, ముందా కాళ్ళూపడం ఆపు.

అప్పటికి నా పెద్దాడు నెలల పిల్లాడు. ఎండాకాలం, ఇంట్లో చుక్క నీళ్ళు లేవు, వాణ్ణి ఒక్కణ్ణీ ఉయ్యాల్లో పడుకోబెట్టి, తలుపు దగ్గరకేసి, బిందె పట్టుకుని మిట్టమధ్యాహ్నం ఆ బావికి పోయాను. చేదుతుంటే వెనకనుంచి "ఏం అక్కా, బాగున్నావా?" అని వినబడింది. "ఆఁ, బాగున్నానే, నువ్వో?" అనేశాను. అనేశాక తిరిగి చూద్దును కదా, సన్యాసమ్మ! ముందేడు ఆ బావిలోనే పడి పోయింది, దాని మొహాన పసుపు రాసింది నేనే. పలకరిస్తే పలికే నోరాయె, ఏం చెయ్యను, జారిపోయింది.

ఇహ మాట కలిశాక తెంపుకోడమెలా? ఇలాంటి చచ్చినదానితోనే మాట మధ్యలో వెనుదిరిగి పరిగెత్తిన గొర్రెల కాపరి మూతి వంకరపోయి మూడోనాటికి పోయాడు, ఊరందరికీ తెలుసది. మర్యాదగానే బయటపడాలి. "సరేనే మరి, పొయ్యి మీద పప్పు పెట్టొచ్చాను" అన్నాను. అబద్ధమే అనుకోండి, ఆపాటి అబద్ధం మర్యాదే. "ఏం పప్పేవిటి?" అంది. చెప్పాను. "పొద్దెక్కిపోయింది, ఉంటాను మరి" అన్నాను. "మీ ఆడపడుచు నీళ్ళోసుకుందటగా?" అంది. బిందె చంకనెత్తుకుని రెండడుగులేసి, "మళ్ళీ తీరిగ్గా మాట్లాడుకుందాం, వెళ్ళిరానా?" అన్నాను. అలా అడిగాక అవతలివాళ్ళు "మంచిది, వెళ్ళిరా" అనాలి కదా, అంటేనే కదా కాలు కదిలేది? అది అనదే! నవ్వుతూ "తొందరేవిటక్కా" అంటుంది. నీడ ఇటునుంచి అటు తిరిగింది. పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోతోంది, అక్కడ పిల్లాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడో, ఆ ఏడుపు కూడా ఆగిపోయిందో.

అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. కదలని చుట్టం వస్తే అమ్మ తన పని చెప్పేది కాదు, వాళ్ళ పని గుర్తుచేసేది. నేనూ అదే చేశాను. "అయ్యో, నా కబుర్లలో పడేసి నిన్ను నిలబెట్టేశానే పాపం, ఇంటి దగ్గర మీ వరాలు నీకోసం చూస్తుంటుంది, అడిగానని చెప్పు" అన్నాను. వరాలంటే దాని ఒక్కగానొక్క కూతురు. దాని మొహం విప్పారింది. "అవునక్కా, మరిచేపోయాను, మంచిది, వెళ్ళిరా, నేనూ వెళ్ళొస్తాను" అని, నాకంటే ముందే ఊళ్ళోకి నడిచిపోయింది.

నా పిల్లాడు దక్కాడు. మర్నాటి నుంచి వరాలు గుమ్మంలో నిలబడి, ఎవరూ లేనివైపు చూస్తూ "సరేనమ్మా, అన్నం మాడిపోతోంది, ఉంటాను మరి" అనడం మొదలెట్టింది. పొద్దస్తమానం అదే. నేనంటే పై మనిషిని, మాట తిప్పి పంపించేశాను. కన్నతల్లిని ఎక్కడికని పంపిస్తుంది? నెల తిరక్కుండా పుల్లైపోయి, ఒకనాటి మధ్యాహ్నం అలా మాట్లాడుకుంటూనే బావిదాకా పోయి పడింది. నేనే చంపుకున్నానర్రా దాన్ని. ఆ పేరెత్తింది నా పాపిష్టి నోరే.

ఇప్పుడా గట్టుమీద ఇద్దరుంటారు. ఒకావిడ మంచిది వెళ్ళిరా అనేలోపు రెండోది కూరేవిటని అడుగుతుంది. అటుకేసి పోకండి. ఒకత్తిని వదిలించుకోడానికే నాకంత పట్టింది.