కేకు మీద మాట

ఆబిడ్స్ కేకుల దుకాణంలో అక్షరాలు రాసే ఆమెతో ఒకాయన మాట్లాడుతున్నాడు.

"అక్కా, మా దోస్తు శ్రీశైలం బర్త్‌డే. అందర్నీ ఏడిపిస్తడు. పోయినేడు లెక్కనే 'పనిలేని మారాజు' అని రాయవా?"

"అది మీరే రాయించిన్రా? నాంపల్లికి నేనే తీస్కపోయి ఇచ్చిన. సార్ నవ్విన్రు. ఆయన బిడ్డ మాత్రం, దోస్తులు రాకముందే ఆ అక్షరాలు వేలితోని తుడిచేసింది."

"వాడే తనని తాను అట్ల అనుకుంటుండె..."

"ఆయన అనుకుంటే వేరు, నలుగురి ముందల మనం అంటే వేరు. కొలువు పోయిన మనిషి గద."

"అయితే ఆ మాట వద్దక్కా."

"మరి ఏం రాయాలె?"

"వాడు ఏడిపించుడు మీద రాయక్కా, దాంట్ల వాడు ఉస్తాదు. 'ఇయ్యాల ఎంత ఏడిపించినా నోర్మూసుకుంట. నువ్వుంటేనే నాకు నవ్వు.'"

"కింద పేరు?"

"నాదే రాయి. పోయినేడు పేరు దాచుకున్న."