ఆగని ఫ్యాను

పరీక్ష రోజు పొద్దున. మేడ కింద ఒంటిగది వాటాలో నర్సింగు చదివే అమ్మాయి మంచం మీద ఉలిక్కిపడి లేచి కూర్చుంది. మేడ మీది పిన్ని టీ గ్లాసుతో ఎదురుగా నిలబడి ఉంది.

“అది కాదు పిన్నీ, ముందు టైమెంతో చెప్పండి.”

“చెప్తాలే, టీ తాగు. చల్లారిపోతుంది.”

“టైము పిన్నీ!”

“ఏడు కావస్తోంది. ఏం, పరీక్ష పదింటికేగా?”

“ఏడా? ఏడేంటి! రాత్రి కరెంటు పోలేదా?”

“పోకేం, శుభ్రంగా పోయింది. రెండింటికి పోయి ఐదింటికి వచ్చింది, రోజూ లాగే.”

“పోతే ఫ్యాను ఆగాలి కదా!”

“ఆగలేదుగా. అదే మీ బాబాయ్ చేసిన ఘనకార్యం. ఆయన నోటితోనే విను, లేకపోతే అలుగుతారు. ఏవండీ! అమ్మాయి లేచింది, దిగి రండి!”

“వస్తున్నా, వస్తున్నా. ఏం నర్సమ్మా, ఎలా ఉంది మన గాలి?”

“మన గాలేంటి బాబాయ్?”

“అటు చూడు. నీ టేబుల్ ఫ్యాను ప్లగ్గు ఎక్కడుంది?”

“గోడకి... లేదే. ఈ బోర్డెక్కడిది? ఈ వైరు కిటికీలోంచి వచ్చిందేంటి?”

“మా ఇంట్లోంచి! నిన్న సాయంత్రం నువ్వు నీళ్ళు పట్టుకుంటుంటే లాగేశాను. నీ ఫ్యాను ఇప్పుడు మా ఇన్వర్టరు మీద ఉందమ్మా. కరెంటు ఉన్నంతసేపూ కరెంటు మీదే తిరుగుతుంది. అది పోయిన మరుక్షణం బ్యాటరీ అందుకుంటుంది. రెక్క కూడా తడబడదు. చూశావా?”

“ఎలా చూస్తాను బాబాయ్, నిద్రపోతున్నాను!”

“అదీ! మనకి కావాల్సిందీ అదే!”

“మరి మీ ఫ్యాను?”

“మాది కట్టేశాం. ముసలి బ్యాటరీ, రెండు ఫ్యాన్లు లాగలేదు. రెండూ వేస్తే గంటన్నరకే కుయ్యోమంటుంది. నీ ఒక్కదానికైతే మూడు గంటలూ లాగింది. ఆఖర్లో కూత మొదలెట్టింది కానీ, ఈలోగా కరెంటే వచ్చేసింది.”

“ఈ ఉక్కలో ఫ్యాను లేకుండా పడుకున్నారా?”

“పడుకుందెవరు? నేను అట్టముక్కతో విసురుకుంటూ—”

“పడుకున్నాం లెండి. అవన్నీ ఇప్పుడెందుకు.”

“అయ్యో పిన్నీ.”

“ఏమైందే?”

“ఏం లేదు.”

“మరి ఆ కళ్ళల్లో నీళ్ళేంటి?”

“టీ వేడిగా ఉంది.”

“చల్లారిపోయిందని నేనంటుంటే.”

“బాబాయ్, మీరేం అనుకోకండి. నాకు అలారం లేదు. నాది బ్యాటరీ పాడైన ఫోను, రాత్రంతా ఛార్జింగ్ నిలవదు. ఫ్యాను ఆగడమే నాకు అలారం. ఆగగానే వీపు తడిసి మెలకువొస్తుంది. లేచి, మీరిచ్చిన ఛార్జింగ్ లైటు వేసుకుని తెల్లారేదాకా చదువుతాను. నెల రోజుల నుంచీ నా చదువంతా అంతే.”

“అదేంటి? కరెంటు ఉన్నప్పుడు చదువుకోవచ్చుగా?”

“కరెంటు ఉంటే చదువెక్కడ బాబాయ్? మోటారు వేసి నీళ్ళు పట్టాలి, బట్టలు ఇస్త్రీ చేయాలి, మిక్సీ వేయాలి. పగలంతా వార్డులో డ్యూటీ. సాయంత్రం ఇటు కరెంటు తీసినప్పుడు ఎదుటి వరసకి ఉంటుంది కాబట్టి, దర్జీ మామయ్య దుకాణంలో ఓ రెండు గంటలు కూర్చుంటాను. పాపం, కాజాలు కుట్టుకునే బల్ల నాకిచ్చి ఆయన కింద కూర్చుంటాడు. తర్వాత ఆ వరసకి తీసి ఇటు ఇస్తారు. అప్పుడొచ్చి వంటా, నీళ్ళూ, పడకా. చీకటైతేనే నాకు తీరిక.”

“ఈ బాబాయ్‌కి ఒక్క మాట చెప్పొద్దూ?”

“వైరు లాగుతున్నామని మీరొక్క మాట చెప్పొద్దూ?”

“పరీక్ష ముందు రోజు, కమ్మగా నిద్రపోతుందని... నీ మంచికేనమ్మా.”

“అందరూ నా మంచికే చేస్తారు! ఇంకా రెండు పాఠాలున్నాయి బాబాయ్, కిడ్నీలూ గ్రంథులూ. రాత్రి రెండింటికి లేస్తాను కదా అని వదిలేశాను. ఈ పరీక్ష రాయడం ఇది మూడోసారి. ఈసారి కూడా పోతే ఇంక రాయనివ్వరు, కోర్సే కొట్టేస్తారు. వార్డులో ఉద్యోగం ఇస్తామన్నవాళ్ళు గుమ్మం కూడా తొక్కనివ్వరు!”

“అయ్యో, నాకు తెలియదమ్మా.”

“ఏవండీ, మీరు పైకెళ్ళండి.”

“నా వైరు...”

“ఆ వైరు కూడా పట్టుకెళ్ళండి.”

“అది తీస్తే ఫ్యాను ఆగిపోతుందే.”

“ఆగనివ్వండి!”

“సరే, సరే. నర్సమ్మా... పొరపాటైపోయిందమ్మా.”

“చూశారా పిన్నీ, ఆయన్ని ఎంత మాటనేశానో.”

“అన్నావులే. సాయంత్రం మళ్ళీ మంచిమాట అందువుగాని. స్నానం చేసిరా, జడ నేను వేస్తాను.”

“జడా వద్దు, ఏమీ వద్దు. ముడేసుకుని పోతాను. చదవాలి.”

“నువ్వు చదవొద్దు, నేను చదువుతాను. నువ్వు విను. పుస్తకమేదీ? ఇదేనా? అబ్బో, ఇటుకలా ఉంది. పద, పద.”

“స్నానం చేసి వచ్చేశాను. ఊఁ, చదవండి. నూట ఎనభయ్యో పేజీ దగ్గర మడత పెట్టాను.”

“తల ఇటు తిప్పు. ‘నె... నెఫ్రాన్.’ ఏంటే ఇది?”

“కిడ్నీలో ఉండే సన్నటి గొట్టం. లక్షలుంటాయి. ముందు రక్తం అక్కడ వడపోతకి వస్తుంది.”

“మా నీళ్ళ ఫిల్టరు లాగా.”

“అలాగే. కానీ నీళ్ళతో పాటు చక్కెరా, ఉప్పూ, ఒంటికి కావాల్సినవి కూడా గొట్టంలోకి పోతాయి. అందుకని దారిలో కావాల్సినవన్నీ మళ్ళీ వెనక్కి పీల్చుకుంటుంది.”

“అన్నీ పారబోసి మళ్ళీ ఏరుకోవడమా? మీ బాబాయ్ పాత సామాన్లు అమ్మేసి, సందు చివరిదాకా పరిగెత్తి మళ్ళీ తెచ్చుకున్నట్టు!”

“నవ్వించకండి పిన్నీ, దువ్వెన గుచ్చుకుంటోంది.”

“తర్వాత?”

“తర్వాత... రక్తంలో ఇంకా ఉండిపోయిన చెత్తని గొట్టంలోకి తోస్తుంది. వడపోత, వెనక్కి పీల్చుకోవడం, చెత్త తోయడం. మూడు మెట్లు.”

“చూడకుండానే చెప్పేశావుగా.”

“క్లాసులో విన్నాను ఎప్పుడో. ఇంకా ఆవలింతలు వస్తున్నాయి చూడండి, ఇంత పడుకుని కూడా.”

“నెల రోజుల అప్పు ఒక్క రాత్రిలో తీరుతుందా? గ్రంథులు ఎక్కడున్నాయి?”

“గ్రంథులకింక టైము లేదు. బస్సు. మా ఆయన ఐసు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి నేరుగా బస్టాపుకొస్తానన్నారు, గేటుదాకా దిగబెడతారట. ఊరంతటికీ కరెంటు పోయినా వాళ్ళ ఐసుకి మాత్రం పోదు పిన్నీ. రాత్రంతా ఆ చల్లదనంలో పనిచేసి వచ్చి, చేతులు తెచ్చి నా బుగ్గలకి ఆనిస్తారు. అబ్బ! ఎంత హాయిగా ఉంటుందో.”

“సిగ్గుపడకుండా చెప్తోంది చూడు. పో, పో. పెన్నులు పెట్టుకున్నావా? హాల్ టికెట్టు?”

“పెట్టుకున్నా. పిన్నీ, గ్రంథులు రాకపోతే బాగుండు.”

“వస్తే వచ్చాయి. వచ్చినవి రాయి. మెల్లగా రాయి.”

అదే రోజు మధ్యాహ్నం, మేడమెట్ల మీద. కరెంటు లేదు.

“ఎలా రాశావని నేనడగను.”

“అడగండి పిన్నీ.”

“అడగను. నాకు భయం.”

“అయితే నేనే చెప్తాను. కాస్త జరగండి, కూర్చోనివ్వండి. కాళ్ళు లాగేస్తున్నాయి. కిడ్నీలొచ్చాయి. పెద్ద ప్రశ్నే.”

“వచ్చాయా! ఏం రాశావు?”

“బాబాయ్ పాత సామాన్లు తప్ప అంతా రాశాను. బొమ్మ కూడా వేశాను. వంకరగా వచ్చింది కానీ, కిడ్నీ కూడా వంకరేగా.”

“గ్రంథులు?”

“వచ్చాయి. వదిలేశాను. ఏడింట్లో ఐదు రాస్తే చాలన్నాడు. ఐదూ రాశాను. బస్సులో వస్తూ ఎంత పిసినారితనంగా మార్కులు లెక్కేసుకున్నా, గట్టెక్కుతాననే అనిపిస్తోంది.”

“అనిపించడమా, నిజమా?”

“నిజం పిన్నీ. ప్రశ్నలు ఒక్కోటీ రెండుసార్లు చదివాను. అక్షరాలు ఉన్నచోటే ఉన్నాయి, ఈదుకుంటూ పోలేదు. పోయినసారి...”

“ఊఁ, పోయినసారి?”

“ఏం లేదు. బాబాయ్ ఏరీ? పొద్దున నోరు పారేసుకున్నాను.”

“ఇక్కడే ఉన్నాను, వైరు చుట్టుకుంటూ. మాటలేమైనా పడాలంటే నేను పడతాను, నా వైరునేమీ అనకు.”

“మీ వైరుకీ, మీకూ దండం బాబాయ్. మళ్ళీ ఎప్పుడు లాగుతారు?”

“ఇంక లాగనమ్మా. రాత్రి ఉక్కకి మాడిపోయాను. ఇద్దరం కలిసి ఉడికినా అదో దారి. మీ పిన్ని టార్చి లైటు పట్టుకుని చక్కా నీ దగ్గరికి దిగిపోయె.”

“పిన్ని వచ్చారా? ఎప్పుడు?”

“కరెంటు పోగానే. నేను పైన అట్టముక్కతో విసురుకుంటుంటే, తను కింద నీ గాలికి కూర్చుంది. బ్యాటరీ కూత పెట్టేదాకా పైకి రాలేదు!”

“ఏవండీ, దర్జీ గారి దుకాణందాకా వెళ్ళి అమ్మాయి బాగా రాసిందని చెప్పి రండి.”

“ఇప్పుడా? ఈ ఎండలోనా?”

“ఇప్పుడే.”

“వెళ్తున్నా, వెళ్తున్నా. ఈ కొంపలో నిజం చెప్తే ఎండలోకే.”

“పిన్నీ.”

“ఈ మెట్టు మీద ఎండ పడుతోంది, లోపలికి పద.”

“పిన్నీ, ఫ్యాను ఆగితేనే లేస్తానని మీకు ముందే తెలుసా?”

“తెలియకేం? నా కిటికీ కింద నీ కిటికీ. రోజూ ఫ్యాను చప్పుడు ఆగడం, వెంటనే నీ లైటు వెలగడం. రాత్రి చప్పుడు ఆగలేదు. నువ్వు లేవవని అప్పుడర్థమైంది. అందుకే దిగాను.”

“పాఠాలు మిగిలాయనీ తెలుసు?”

“పుస్తకం నీ గుండెల మీదే ఉంది, మడతతో.”

“మరి పొద్దున నేను బాబాయ్ మీద ఎగురుతుంటే ఊరుకున్నారే! ఎందుకు లేపలేదు పిన్నీ? నా బతుకంతా దాని మీద ఉందని తెలిసీ?”

“పోయినసారి సంగతి మీ ఆయన నాకు చెప్పాడు.”

“నాకు జ్వరమొచ్చిందనా?”

“జ్వరమని నువ్వు అందరికీ చెప్పావు. పరీక్ష హాల్లో కాగితం మీద తలపెట్టి నిద్రపోయావని, గంట కొట్టాక లేపారని ఆయన చెప్పాడు.”

“...ఎవరికీ చెప్పొద్దన్నాను.”

“ఆ అబ్బాయినేమీ అనకు. భయపడి చెప్పాడు.”

“అయినా పిన్నీ, నేను తప్పి ఉంటే?”

“అదే అనుకుంటూ కూర్చున్నాను రాత్రంతా. లేపడానికే వచ్చాను తల్లీ, భుజం మీద చెయ్యి కూడా వేశాను. నిద్రలోనే ‘రెండు నిమిషాలమ్మా’ అన్నావు. ఆ రెండు నిమిషాలూ ఇద్దామని లైటు ఆర్పి గుమ్మంలో కూర్చున్నాను; మళ్ళీ చెయ్యి వేయడానికి నాకు మనసు రాలేదు.”